సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఒక్క పేజీ: రైతు వేదికలో 20 నిమిషాల పత్తి ప్రెజెంటేషన్‌కి ప్లానింగ్ షీట్ ఎలా రాయాలి?

పత్తి చేను

అందరికీ నమస్కారం. ఉమ్మడి ఆదిలాబాద్ వైపు ఏఈఓగా, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. ఆగస్టు మూడో వారంలో మా క్లస్టర్ రైతు వేదికలో పత్తిలో గులాబీ రంగు పురుగు మీద 20 నిమిషాలు మాట్లాడాలి. పైనుంచి వచ్చిన పీపీటీ ఒకటి నా దగ్గర ఉంది, 42 స్లైడ్లు. దాన్నే కత్తిరిద్దామని కూర్చుంటే మా సీనియర్ ఒకాయన "ముందు కంప్యూటర్ ముట్టకు. ఒక తెల్లకాగితం మీద ఎవరికి, ఏం, ఎన్ని స్లైడ్లు, ఏ ధోరణిలో అని రాసుకొని రా" అన్నారు. రాశాను, ఇదిగో:

ఎవరికి: రైతులకు
ముఖ్య సందేశం: గులాబీ రంగు పురుగు సమగ్ర యాజమాన్యం
స్లైడ్లు: 20
ధోరణి: సులభంగా, ఆసక్తికరంగా

రాయడం తేలికగానే అయిపోయింది. కానీ దీనివల్ల నాకు ఒరిగిందేమిటో తెలియలేదు. ఇది చూశాక కూడా ఆ 42 స్లైడ్లలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేలడం లేదు.

రవ్వదోశ

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు? 10-20-30 రూల్ ఉంది కదా. పది స్లైడ్లు, ఇరవై నిమిషాలు, ముప్ఫై సైజు అక్షరాలు. మా ఆఫీసులో అందరం అదే పాటిస్తాం. నీకు ఇచ్చిన టైము కూడా సరిగ్గా ఇరవై నిమిషాలే. పది స్లైడ్లు చెయ్యి, అయిపోయింది.

డీటీపీ దుకాణం

పీపీటీ తెలుగులోనే కదా? అను ఫాంట్లలో కొట్టారా, యూనికోడ్‌లోనా? అను అయితే వేదికలోని కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి. చాలామంది అక్కడే దొరికిపోతారు.

పత్తి చేను

యూనికోడే అన్నా. మంచి మాటే గానీ నేను ఇంకా అంతదాకా రాలేదు.

తెల్లకాగితం

మీ సీనియర్ గారు సరిగ్గానే చెప్పారు. మీరు కాగితం నింపారు కానీ ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు, అందుకే తేలికగా అయిపోయింది. నేను చాలాకాలం విస్తరణ సిబ్బందికి శిక్షణలు నడిపాను. నేను చూసే పరీక్ష ఒకటే: ఆ కాగితం పట్టుకొని ఒక స్లైడును "వద్దు" అనగలగాలి. మీ కాగితంలో ఏ మాటా దేన్నీ వద్దనదు. "సమగ్ర యాజమాన్యం" అంటే 42 స్లైడ్లూ లోపలికి వచ్చేస్తాయి.

ముందు "ఎవరికి" సంగతి. "రైతులు" అని రాస్తే సరిపోదు. మీ వేదికకు ఆ రోజు వచ్చేవాళ్లలో సొంత భూమి ఎంతమందిది, కౌలు ఎంతమందిది? మందు కొనాలా వద్దా అని నిర్ణయించేది ఎవరు? మందుల షాపులో అప్పు పెట్టి తెచ్చేవాళ్లయితే, షాపాయన చెప్పిన మాటకూ మీ మాటకూ పోటీ ఉంటుంది. ఆడవాళ్లు వస్తున్నారా? పూతలో తేడా ముందు వాళ్ల కంటబడే అవకాశమే ఎక్కువ. చివరి వరసలో కూర్చున్నవాళ్లు స్లైడు మీది తెలుగు చదవగలరా?

ఇవన్నీ రాయక్కర్లేదు. మీ స్లైడ్లను మార్చే రెండు మూడు మాత్రమే రాయండి. వాటిలో ఒకటి తప్పనిసరిగా ఇది: వాళ్లు వచ్చేటప్పుడు మనసులో పెట్టుకొని వచ్చే ప్రశ్న ఏమిటి?

రవ్వదోశ గారూ, 10-20-30 అమెరికా పెట్టుబడిదారు గై కవసాకీ చెప్పినది. పెట్టుబడి అడగడానికి వెళ్లే కంపెనీలవాళ్ల కోసం చెప్పారు. అక్కడ వినేవాళ్లు ఒక గదిలో, ఒక బల్ల చుట్టూ, చదవడం అలవాటైనవాళ్లు. అక్షరాల సైజు సలహా ఇక్కడా పనికొస్తుంది. పది అన్న లెక్క మాత్రం ఆ గదిది, ఈ హాలుది కాదు.

రవ్వదోశ

సరే మేడమ్, కానీ ఒక లెక్కంటూ ఉండాలి కదా. నిమిషానికి ఒక స్లైడు అని కూడా అంటారు.

తెల్లకాగితం

లెక్క ఉండాలి, కానీ స్లైడ్ల నుంచి మొదలుపెడితే కుదరదు. టైము నుంచి రండి. చెప్పిన వేళకు హాలు నిండదు, మైకు సర్దుతారు, పెద్దలు నాలుగు మాటలు మాట్లాడతారు. ఇరవైలో మూడు నాలుగు నిమిషాలు అక్కడే పోతాయి. ప్రశ్నలకు కనీసం ఐదు ఉంచాలి, ఎందుకంటే రైతులు నిజంగా వినేది అప్పుడే. మిగిలేది పన్నెండు. ఒక ఫొటో చూపించి "ఇది మీ చేలో చూశారా?" అని అడిగి, జవాబులు విని, ముందుకు వెళ్లడానికి రెండు నిమిషాలు కావాలి. అంటే ఆరు స్లైడ్లు. నిమిషానికి ఒకటి అన్నది ఎవరూ మధ్యలో మాట్లాడని చోట నడుస్తుంది. రైతు వేదికలో నడవదు.

అందుకే కాగితం మీద టైము అన్నిటికన్నా ముందు రాయాలి, స్లైడ్ల సంఖ్య అన్నిటికన్నా చివర రాయాలి. మధ్యలో సందేశం.

ఫైనలియర్

మేడమ్ నాకూ హెల్ప్ కావాలి. వచ్చే వారం ప్రాజెక్ట్ రివ్యూ. డిపార్ట్‌మెంట్ వాళ్లు 15 స్లైడ్లు అని ఫిక్స్ చేశారు, టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, లిటరేచర్ సర్వే అన్నీ వరసగా ఉండాలట. టైము ఎనిమిది నిమిషాలు. అప్పుడు ఈ షీట్‌లో రాయడానికి ఏం మిగులుతుంది? ఏ టెంప్లేట్ వాడితే మార్కులు వస్తాయో చెప్పండి చాలు.

తెల్లకాగితం

టెంప్లేట్ గురించి నన్నడక్కు నాయనా, నాకు తెలియదు. కానీ నీకు మిగిలింది పెద్ద పనే. పదిహేనులో ఏ మూడింటి మీద ఆగాలి అన్నది నీ చేతిలో ఉంది. ఎనిమిది నిమిషాల్లో ఐదు నిమిషాలు ఆ మూడింటికే రాసుకో. మిగతా పన్నెండూ తిప్పేసేవి. రివ్యూలో కూర్చునే సార్ ఏం అడుగుతారో ఆలోచిస్తే ఆ మూడూ ఏవో తెలుస్తుంది. మామూలుగా "ఇందులో నువ్వు చేసింది ఎంత?" అన్నదే అడుగుతారు.

కౌలు బతుకు

నేను ఆ హాల్లో కింద కూర్చునేవాణ్ణి. ఏడెకరాల కౌలు, అంతా పత్తే. సార్లకు ఒక్క మాట. పురుగు జీవిత చక్రం అని గుండ్రంగా ఒక బొమ్మ వేస్తారు, గుడ్డు, లార్వా, ప్యూపా అని. అది వచ్చిందంటే మావాళ్లు ఫోన్లు తీస్తారు. మాకు కావాల్సింది: ఇప్పుడు మందు కొట్టాలా, వద్దా? కొడితే ఎప్పుడు? అంతే. ఇంకొకటి, బీటీ విత్తనమని అంత రేటు పెట్టి కొన్నాం కదా, మళ్లీ పురుగెందుకు? దానికి ఎవరూ తిన్నగా చెప్పరు.

పత్తి చేను

అన్నా, నాకు కావాల్సింది ఇదే. "మనసులో పెట్టుకొని వచ్చే ప్రశ్న" అంటే మేడమ్ అడిగింది ఇదే అనుకుంటా.

రెండోసారి రాశాను, చూడండి.

టైము: 20, అందులో మాట్లాడేది 12
ఎవరికి: కౌలు రైతులు ఎక్కువ. పంట 55–65 రోజుల మీద ఉంది, పూత మొదలైంది. కొందరు ఇప్పటికే షాపాయన చెప్పాడని ఒకసారి మందు కొట్టేశారు.
వాళ్ల ప్రశ్న: బీటీ కదా, పురుగెందుకు? ఇప్పుడు కొట్టాలా?
సందేశం: మగ రెక్కల పురుగులను ఎరతో పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టి గమనించాలి మరియు పురుగు పట్టి విచ్చుకోని గుడ్డి పూలు ఏరేయాలి మరియు సరైన సమయంలో సిఫారసు చేసిన మందులు పిచికారీ చేయాలి మరియు డిసెంబరు తర్వాత పంట పొడిగించకూడదు.
ధోరణి: స్నేహపూర్వకంగా
స్లైడ్లు: 6

తెల్లకాగితం

"ఎవరికి" బాగా వచ్చింది. పంట రోజులు రాయడం ముఖ్యం. అదే జనం, అదే హాలు, కానీ నవంబరులో అయితే సందేశం వేరే అవుతుంది.

ఇక సందేశంలో "మరియు"లు లెక్కపెట్టండి. నాలుగు పనులు చెప్పారు, అవి కూడా వేర్వేరు నెలలవి. ఆగస్టులో కూర్చున్న రైతుకు డిసెంబరులో పంట తీసేయమని చెబితే నిజమే, కానీ ఆ రోజు సాయంత్రం అతను చేసేదేమీ లేదు. "సరైన సమయంలో" అన్న మాట మరీ పనికిరాదు. సరైన సమయం ఏదో చెప్పడానికే కదా మీరు వెళుతున్నది.

సందేశంలో ఎవరు, ఏం, ఎప్పటికి అన్న మూడూ ఉండాలి. మీ సబ్జెక్టు మీకే బాగా తెలుసు, లెక్కలు మీరే వేయండి.

పత్తి చేను

లెక్కలు ఉన్నాయి మేడమ్. గమనించడానికి అయితే హెక్టారుకు 5, అంటే ఎకరానికి 2 బుట్టలు. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందు ఆలోచించాలి. లేదా పూలలో పదింటికి ఒకటి గుడ్డి పువ్వు అయినా, 20 పచ్చికాయలు కోసి చూస్తే రెండింటిలో పురుగు కనిపించినా అదే హద్దు. ఇప్పుడు కాయలు ఇంకా లేవు కాబట్టి ఆ మూడోది ఈ మీటింగుకు అక్కర్లేదు.

అంటే సందేశం ఇలా రాస్తే?

"ఈ వారంలో ఎకరానికి రెండు బుట్టలు పెట్టండి. మూడు రోజులు వరసగా బుట్టకు ఎనిమిది పురుగులు పడేదాకా ఈ పురుగు కోసం మందు కొనకండి."

కౌలు బతుకు

ఇది అర్థమైంది. గుర్తుంటుంది కూడా. కానీ "కొనకండి" అని స్టేజీ మీద అంటే, ఆ షాపాయన ముందు వరసలోనే కూర్చుంటాడు సార్.

రవ్వదోశ

హహ. ఆడియెన్స్ బాక్స్‌లో ఆయన్ని కూడా రాయాలి అన్నమాట.

తెల్లకాగితం

నవ్వే విషయం కాదు, నిజంగానే రాయాలి. ధోరణి అన్న గడి ఉన్నది ఇందుకే. "స్నేహపూర్వకంగా" అని రాస్తే అది మీ మంచితనం గురించి చెబుతుంది, ఏం మాట్లాడాలో చెప్పదు. ఆ గడిలో విశేషణాలు రాయకండి. రెండు వాక్యాలు రాయండి: నేను నోటితో అనబోయే మొదటి వాక్యం, నేను అనకూడని వాక్యం.

మీ విషయంలో అనకూడనిది బహుశా "విచ్చలవిడిగా మందులు కొట్టడం వల్లే" అన్నది. పైనుంచి వచ్చిన పీపీటీల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఇప్పటికే ఒకసారి కొట్టినవాళ్లు అది వినగానే చేతులు కట్టుకుని వెనక్కి వాలతారు. తర్వాత మీరు ఏం చెప్పినా ఎక్కదు.

పత్తి చేను

అవును, ఆ 42లో మూడో స్లైడు అచ్చం అదే.

మొదటి వాక్యం ఇలా అనుకుంటున్నా: "బీటీ పనిచేయడం లేదని మీరు అంటున్నది ఈ పురుగు విషయంలో నిజమే." నిజం కూడా. బోల్‌గార్డ్–2లో ఉన్న రెండు జన్యువుల ప్రొటీన్లకూ గులాబీ పురుగు తట్టుకునే శక్తి తెచ్చుకుంది, మిగతా కాయతొలుచు పురుగుల మీద అది ఇంకా పనిచేస్తోంది. ముందు అది ఒప్పుకుంటే తర్వాతి మాట వింటారేమో.

షాపాయన సంగతి: "కొనకండి" బదులు "ఆగండి" అంటాను. ఎందుకు ఆగాలో కూడా ఉంది. తొందరపడి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే మిత్ర పురుగులు పోయి తెల్లదోమ ఎగబాకుతుంది. అప్పుడు దానికి మళ్లీ వేరే మందు.

డల్లాస్ బాబాయ్

నాకు ఇదంతా అతి అనిపిస్తోంది. నేను ఇరవై ఏళ్లుగా క్లయింట్లకు ప్రెజెంటేషన్లు ఇస్తున్నా. ముందు స్లైడ్లు వేసేస్తా, అటూ ఇటూ జరుపుతుంటే కథ తనంతట అదే తేలుతుంది. కాగితం మీద రాస్తే ఏ బొమ్మ ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? చార్టు చూశాకే కదా ఏం చెప్పాలో తెలిసేది.

తెల్లకాగితం

చార్టు చూశాక తెలిసేది మీరు కనుక్కునేది. దానికి ఎక్సెల్ తెరవండి, పది చార్టులు గీయండి, ఎవరూ వద్దనరు. ఈ కాగితం దాని తర్వాత, స్లైడ్ల సాఫ్ట్‌వేర్‌కు ముందు వచ్చేది. ఏం కనుక్కున్నామో తెలియకుండా ఈ పేజీ నింపలేం, అది దీని హద్దే.

స్లైడ్లలోనే ఆలోచించడంలో నేను చూసిన ఇబ్బంది వేరు. రెండు గంటలు కూర్చొని చేసిన స్లైడును తీసేయడానికి చెయ్యి రాదు. కాగితం మీది ఒక లైను కొట్టేయడానికి ఏ బాధా ఉండదు.

డల్లాస్ బాబాయ్

మీ మాట కొంత ఒప్పుకుంటా. కానీ నా పద్ధతి నాకు పనిచేస్తోంది. క్లయింటు తెలిసినవాడు, మెసేజ్ తెలిసిందే, అలాంటప్పుడు కాగితం ఎందుకు?

రవ్వదోశ

బాబాయ్, తెలిసిందే అయితే రాయడానికి అరనిమిషం పడుతుంది కదా.

పత్తి చేను

మూడోసారి:

టైము: మాట్లాడేది 12, ప్రశ్నలు 5
ఎవరికి: పూత దశలో పత్తి ఉన్న కౌలు రైతులు, సగంమంది ఒకసారి కొట్టేశారు. వెనక వరసకు అక్షరాలు కనబడవు. ముందు వరసలో షాపాయన.
ప్రశ్న: బీటీ కదా, ఎందుకు? ఇప్పుడు కొట్టాలా?
సందేశం: ఈ వారంలో ఎకరానికి రెండు బుట్టలు. మూడు రోజులు వరసగా బుట్టకు 8 పడేదాకా ఈ పురుగు మందు ఆపండి.
మొదటి వాక్యం: "బీటీ పనిచేయడం లేదని మీరు అంటున్నది ఈ పురుగు విషయంలో నిజమే."
అనకూడనిది: "మీరు విచ్చలవిడిగా..."
స్లైడ్లు 6: గుడ్డి పువ్వు, మంచి పువ్వు పక్కపక్కన / బీటీకి ఎందుకు లొంగదు / బుట్ట ఎక్కడ, ఎంత ఎత్తులో / 8, 8, 8 అని మూడు రోజుల లెక్క / తొందరపడితే తెల్లదోమ / బుట్టలు ఎక్కడ దొరుకుతాయి
వదిలేసినవి: జీవిత చక్రం, మందుల పట్టిక, డిసెంబరు విషయం, ఇతర రాష్ట్రాల మ్యాపులు

మందుల పట్టిక తీసేయడానికి భయంగా ఉంది. ఎవరైనా అడిగితే?

తెల్లకాగితం

అడుగుతారు. దాన్ని చివర్లో, ఆరో స్లైడు తర్వాత దాచి పెట్టుకోండి. అడిగితేనే తీయాలి. అది లెక్కలోకి రాదు.

ఈ కాగితానికి ఇప్పుడు "వద్దు" అనే శక్తి వచ్చింది. ఒక్క సందేహం: 8, 8, 8 స్లైడు. బుట్టలో ఇతర రెక్కల పురుగులూ పడవచ్చు. గులాబీ పురుగు రెక్కల పురుగును గుర్తుపట్టడం తెలియకపోతే లెక్క తప్పుతుంది. ఆ స్లైడు అంకెల మీద కాదు, చేతి వేలి పక్కన పెట్టి తీసిన పురుగు ఫొటో మీద నడవాలేమో.

ఇంకో పని చేయండి. ఈ సందేశాన్ని మీటింగుకు వచ్చే ఒక్క రైతుకు ముందే ఫోన్‌లో చెప్పి, "నువ్వు ఏం చేస్తావు?" అని అడగండి. ఆయన "బుట్టలు పెడతా, చూస్తా" అంటే సరి. "మందు ఎప్పుడు కొట్టాలో చెప్పారు" అంటే మీ వాక్యంలో బరువు రెండో సగానికి పోయింది, మళ్లీ రాయాలి.

కౌలు బతుకు

నన్నే అడగండి. నేనైతే బుట్టలు పెడతా. కానీ ఎకరానికి రెండు అంటే ఏడెకరాలకు పద్నాలుగు, రోజూ పొద్దున్నే తిరిగి లెక్కపెట్టాలా? నాలుగు బుట్టలే చూస్తే సరిపోదా?

పత్తి చేను

అన్నా, దీనికి నా దగ్గర రెడీ జవాబు లేదు. పెట్టేది అన్నీ, రోజూ లెక్కపెట్టేది కొన్ని అంటే ఎంతవరకు సరైనదో కేవీకే, అంటే కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తను అడిగి చెబుతా. అదే ప్రశ్న అక్కడ అందరూ అడుగుతారు కాబట్టి ముందే అడిగి ఉంచుకోవాలి.

ఫైనలియర్

అన్నా ఇదే డేటా ఆఫీసర్ల మీటింగులో చెప్పాలంటే ఇదే షీట్ వాడొచ్చా? మాకు కూడా ఒకే ప్రాజెక్ట్ గైడ్‌కీ, బయటి ఎగ్జామినర్‌కీ చెప్పాలి.

పత్తి చేను

వాడలేం తమ్ముడూ, నాకూ ఆ మీటింగు ఉంది. దానికి వేరే కాగితం రాశాను. వినేది మా సహాయ వ్యవసాయ సంచాలకులు ఏడీఏ గారు, మిగతా మండలాలవాళ్లు. నాకు ఇచ్చేది ఆరు నిమిషాలు, స్లైడ్లు మూడు. సందేశం: "ఈ క్లస్టర్‌కు వారంలోగా బుట్టలు, ఎరలు పంపండి, లేకపోతే చెప్పిన మాట రైతు దగ్గర నిలబడదు." అక్కడ గుడ్డి పువ్వు ఫొటో అక్కర్లేదు, వాళ్లందరికీ తెలుసు. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు, ఎన్ని బుట్టలు తక్కువ అన్న ఒక్క పట్టిక కావాలి. రైతుల కాగితంలో లేని అంకెలు ఇక్కడ లోపలికి వచ్చాయి, ఫొటోలు బయటికి వెళ్లాయి.

డీటీపీ దుకాణం

మీటింగు తర్వాత వాట్సాప్ గ్రూపులో పీపీటీ పెట్టమంటారు కదా, అప్పుడు? ఆరు ఫొటోలు పెడితే రానివాడికి ఏం అర్థమవుతుంది?

తెల్లకాగితం

మంచి ప్రశ్న. దాన్ని ఈ ఆరు స్లైడ్లతో సరిపెట్టాలని చూస్తే రెండూ చెడతాయి. మాట్లాడే స్లైడ్లలో అక్షరాలు తక్కువ ఉండాలి, పంపేదానిలో మనిషి పక్కన ఉండడు కాబట్టి మాటలు పూర్తిగా ఉండాలి. గ్రూపుకు ఒక్క బొమ్మ చేయండి: బుట్ట ఫొటో, దాని కింద ఆ సందేశం, కింద ఏఈఓ ఆఫీసు నంబరు. చాలు.

పత్తి చేను

అప్‌డేట్. కాగితాన్ని మా పై అధికారికి చూపించాను. ఆరు స్లైడ్లకూ ఏమీ అనలేదు. కానీ "చివర్లో పథకాల గురించి ఎనిమిది స్లైడ్లు కలుపు, ఎలాగూ జనం వచ్చారు కదా" అన్నారు. 12 నిమిషాల లెక్క చూపించాను. "త్వరగా తిప్పెయ్" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

రవ్వదోశ

కలిపెయ్ అన్నా, కానీ ప్రశ్నలు అయ్యాక చూపించు. అప్పటికి సగంమంది లేచి వెళతారు.

కౌలు బతుకు

లేచి వెళ్లరు తమ్మీ. డబ్బులు పడే పథకమంటే చివరిదాకా కూర్చుంటారు. బుట్టల మాటే మర్చిపోతారు.

తెల్లకాగితం

అదే నా భయం కూడా. పథకాలు ముందే చెప్పేసి, బుట్టలు చివర పెట్టి, ఇంటికి వెళ్లేటప్పుడు చెవిలో ఉండేది అదే అయ్యేలా చూడవచ్చు. కానీ అప్పుడు మీ మొదటి వాక్యం మొదటిది కాకుండా పోతుంది, బీటీ ప్రశ్నతో వచ్చినవాళ్లు పథకాల దగ్గరే చల్లబడతారు. లేదా పథకాలకు కాగితం కరపత్రం ఇస్తామని, స్లైడ్లు వద్దని పై అధికారిని ఒప్పించాలి. ఆయన ఎలాంటి మనిషో మీకే తెలుసు.

పత్తి చేను

కరపత్రం మాట రేపు అడిగి చూస్తా మేడమ్. ఒప్పుకోకపోతే పథకాలు ముందు పెడతాను, ఎనిమిదిని రెండు చేసి. కేవీకేలో అడిగాక బుట్టల లెక్క కూడా ఇక్కడే రాస్తాను అన్నా.